నల్ల అట్ట కొంగ, వెనుక వెలుగు: నీడబొమ్మల యానిమేషన్ ఎలా చేయాలి

తోలుబొమ్మలాట చూసి పెరిగినవారికి నీడతో కథ చెప్పడం కొత్త కాదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తయారయ్యే బొమ్మను ఒక్కసారి చేతిలోకి తీసుకుని చూడండి. మేకతోలును గీకి, వెలుగు దూరేంత పలుచన చేస్తారు. రంగులు వేస్తారు. నగలకోసం సన్నని చిల్లులు కొడతారు. కాళ్లూ చేతులూ విడివిడి ముక్కలు, వాటిని దారంతో వదులుగా ముడి వేస్తారు. ఆడించే మనిషి కర్ర కదిపితే ఆ అవయవాలు ఊగుతాయి. ఆ ఊపులోనే బొమ్మకు ప్రాణం వస్తుంది.

యానిమేషన్ కోసం చేసే నీడబొమ్మకు ఆ ఊపు పనికిరాదు. ఇక్కడ బొమ్మను కొద్దిగా కదిపి ఒక ఫొటో తీస్తారు, మళ్లీ కొద్దిగా కదిపి ఇంకొకటి తీస్తారు. మధ్యలో ఏ ముక్కా తనంతట తాను కదలకూడదు. మెడ వంచితే తల తప్ప మరేదీ జరగకూడదు. అందుకే ఈ పనిలో అసలు నైపుణ్యం బొమ్మ గీయడంలో కంటే కీలు కట్టడంలో ఉంటుంది. కీలు బాగుంటే సాదాసీదా ఆకారం కూడా నడుస్తుంది. కీలు బాగా లేకపోతే ఎంత అందమైన బొమ్మ అయినా మూడో ఫొటోకే చికాకు పెడుతుంది.

ఈ పద్ధతికి గట్టి పునాది వేసినవారు జర్మనీకి చెందిన లొట్టే రైనిగర్. 1926లో బెర్లిన్‌లో ప్రదర్శించిన ఆమె పూర్తి నిడివి చిత్రం ప్రధానంగా ఇలా కత్తిరించిన బొమ్మలతో తీసిందే. అది పూర్తి కావడానికి దాదాపు మూడేళ్లు పట్టింది. గాజు పలక పరిచిన బల్ల, దాని కింద దీపం, పైన నేలవైపు చూసే కెమెరా: ఆమె ప్రధాన సరంజామా ఇదే. నల్ల అట్ట, పలుచని సీసపు రేకుతో చేసిన ముక్కలను తీగతో కలిపేవారు. ఇప్పుడు దీపం బదులు ఎల్‌ఈడీ, కెమెరా బదులు ఫోను వచ్చాయి. మిగిలినదంతా అలాగే ఉంది.

మనం ఎనిమిది సెకన్ల దృశ్యం ఒకటి చేద్దాం. చెరువు అంచున ఒక కొంగ రెండడుగులు వేసి, ఆగి, నీళ్లలోకి ముక్కు పొడిచి, చేపను పట్టి మింగుతుంది. కొంగను ఎంచుకోవడానికి కారణం ఉంది. దాన్ని పక్కనుంచి చూస్తే చాలు, ఎవరైనా గుర్తుపడతారు. చేతులు, వేళ్ల గొడవ లేదు. పొడవాటి మెడ ఉంది కాబట్టి కీళ్ల పని చక్కగా నేర్చుకోవచ్చు.

వెలుగు బల్ల

అన్నిటికన్నా తేలిక మార్గం ఏ3 సైజు ఎల్‌ఈడీ ట్రేసింగ్ ప్యాడ్. చిత్రలేఖనం సామాన్లు అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. దాని వెడల్పు 42 సెంటీమీటర్లు. అందులో 40 సెంటీమీటర్ల వెడల్పు, 22.5 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న దీర్ఘచతురస్రాన్ని మన తెరగా పెట్టుకుంటే 16:9 కొలత సరిపోతుంది. ప్యాడ్ లేకపోతే ఒక చెక్కపెట్టె అడుగున ఇంటి సీలింగ్‌కు బిగించే ఎల్‌ఈడీ ప్యానెల్ ఒకటి పెట్టి, దానికి 20 సెంటీమీటర్ల పైన పాలరంగు యాక్రిలిక్ షీటు, దానిమీద గాజు పలక పరచండి. ఆ ఎడం తగ్గితే మధ్యలో తెల్లగా, అంచుల్లో మసకగా వస్తుంది.

వెలుగు సమంగా ఉందో లేదో కంటితో తేల్చకండి. కన్ను సర్దుకుపోతుంది. ఖాళీ తెరను ఫోనుతో ఒక ఫొటో తీసి, దాన్ని నలుపు తెలుపులోకి మార్చి, కాంట్రాస్ట్ బాగా పెంచి చూడండి. ఎక్కడ మచ్చ ఉందో అప్పుడు తెలుస్తుంది.

ప్యాడ్ మీద వెలుగు తగ్గించే బటన్ ఉంటుంది. దాన్ని వాడకండి, వెలుగును ఎప్పుడూ పూర్తిగానే ఉంచండి. చాలా ప్యాడ్లలో వెలుగు తగ్గించడమంటే దీపాన్ని కంటికి తెలియనంత వేగంగా ఆర్పుతూ వెలిగించడమే. కంటికి తెలియకపోయినా కెమెరాకు తెలుస్తుంది, ఫొటోలో అడ్డచారలు పడతాయి. వెలుగు ఎక్కువనిపిస్తే పైన ఇంకో ట్రేసింగ్ పేపర్ పరవండి. ప్యాడ్‌కు పవర్ బ్యాంకు నుంచి కరెంటు ఇస్తే ఇంకా మంచిది. సాయంత్రంపూట వోల్టేజి పడిపోవడం, లేవడం ఫొటోల్లోకి రాదు.

ఫోనును తెరకు 45 సెంటీమీటర్ల పైన, నేరుగా కిందికి చూసేలా బిగించండి. ఇంతకంటే దగ్గరైతే మీ చేతులకు చోటుండదు. దాని నిలువు సరిగ్గా కుదిరిందా అని చూడటానికి ఒక చిట్కా ఉంది. తెర నడిమధ్య చిన్న అద్దం పడుకోబెట్టండి. ఫోను తెరమీద లెన్సు ప్రతిబింబం సరిగ్గా మధ్యలో కనిపిస్తే ఫోను నిలువుగా ఉన్నట్టు. పక్కకు జరిగి కనిపిస్తే ఆ మేరకు వంగి ఉన్నట్టు.

తరువాత కెమెరాను మాన్యువల్ మోడ్‌లోకి మార్చి ఐఎస్‌ఓ, షట్టర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ నాలుగింటినీ కట్టిపడేయండి. ఐఎస్‌ఓను అన్నిటికన్నా తక్కువలో ఉంచండి, షట్టర్ 1/25 దగ్గర మొదలుపెట్టండి. తెల్లని భాగం పూర్తిగా తెల్లగా మండిపోకుండా, దానికి ఒక మెట్టు కింద ఆగాలి. దీన్ని పట్టించుకోకపోతే జరిగే నష్టం విచిత్రంగా ఉంటుంది. వెలుగు అతిగా ఉంటే అది నల్లని అంచులమీదికి పొంగి, సన్నని భాగాలను తినేస్తుంది. కొంగ కాలు, ముక్కు కొస చిక్కిపోయి కనిపిస్తాయి, ఒక్కోసారి మాయమవుతాయి. అప్పుడు అట్ట సన్నగా కోశామేమో అని మళ్లీ కోసుకుంటూ కూర్చుంటాం. నిజానికి వెలుగు తగ్గిస్తే సరిపోతుంది.

ఆకారం

నీడకు లోపల ఏమీ ఉండదు. రెక్క ఈకలు, కంటి చూపు, ఒంటి గుండ్రదనం ఏవీ కనిపించవు. ఉన్నదంతా అంచే. కాబట్టి గీసేటప్పుడు లోపలి గీతలు గీయకండి. పెన్సిల్‌తో బయటి గీత గీసి, లోపలంతా నలుపు నింపి, కాగితాన్ని గది అవతలి గోడకు అంటించి చూడండి. అది కొంగ అని తెలియాలి. తెలియకపోతే ముక్కు పొడవు, మెడ వంపు, తోక కొస, వీటిలో ఏదో ఒకటి మొహమాటపడి ఉంటుంది. వాటిని నిజానికంటే కొంచెం ఎక్కువ చేయండి.

మన కొంగకు ఒళ్లు 8 సెంటీమీటర్లు, కాలు 8, మెడ చాపితే 8, ముక్కుతో కలిపి తల 5. ముక్కలు ఇవి: ఒళ్లు ఒకటి, మెడకు నాలుగు, పైముక్కుతో కలిసిన తల ఒకటి, కింది ముక్కు ఒకటి, ఒక్కో కాలికి తొడ, పిక్క, పాదం చొప్పున ఆరు. మొత్తం పదమూడు. మెడను రెండు ముక్కలతో సరిపెడదామనిపిస్తుంది. వద్దు. రెండు ముక్కల మెడ మోచేయిలా విరుగుతుంది. కొంగ మెడ ఒంపు తిరగాలంటే కనీసం నాలుగు కావాలి.

అట్ట 200 నుంచి 250 జీఎస్ఎం నల్ల కార్డు అయితే బాగుంటుంది. మామూలు నల్ల చార్టు మెత్తన, కీలు దగ్గర నలుగుతుంది. వానాకాలంలో అట్ట తేమ పీల్చి అంచులు పైకి లేస్తాయి. లేచిన చోట నీడ అంచు మసకబారుతుంది. కోసిన ముక్కలను వాడనప్పుడల్లా బరువైన పుస్తకంలో పెట్టుకోండి.

కోతకు సన్నని కొస ఉన్న కత్తెర, కటర్ బ్లేడు రెండూ కావాలి. ఒంపు దగ్గర కత్తెరను తిప్పకుండా అట్టను తిప్పండి. అప్పుడే గీత తెగకుండా వస్తుంది. కాలు ఎక్కడా 3 మిల్లీమీటర్లకంటే సన్నగా ఉండకుండా చూసుకోండి. కంటికి మాత్రం సూదితో ఒకే ఒక చిల్లు పొడిచి, 1.5 మిల్లీమీటర్లు ఉండేలా కొద్దిగా పెద్దది చేయండి. నల్లని ఆకారంలో లోపలి విషయం చెప్పడానికి మనకున్న దారి చిల్లు ఒక్కటే. తోలుబొమ్మలు చేసేవారు హారాలనూ వడ్డాణాలనూ చిల్లులతోనే మెరిపిస్తారు. వారి చిల్లుల వరుసల్లోని ఎడం చూసి నేర్చుకోదగినది చాలా ఉంది: చిల్లుకూ చిల్లుకూ మధ్య చిల్లు వెడల్పంత అట్ట మిగలకపోతే రెండూ కలిసి వెలుగు మచ్చలా కనిపిస్తాయి.

కీలు

ఇక్కడ తొందరపడకండి. మెడలోని రెండు పక్కపక్క ముక్కలను తీసుకుందాం. రెండూ కలిసే చోట మెడ వెడల్పు 12 మిల్లీమీటర్లు అనుకోండి. మొదటి ముక్క చివర 6 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీయండి. రెండో ముక్క మొదట్లోనూ సరిగ్గా అంతే వృత్తం గీయండి. ముక్క చివర ఆ వృత్తం గుండ్రదనంతోనే ముగియాలి. ఇప్పుడు ఒకదానిమీద ఒకటి పెట్టి, రెండు కేంద్రాలూ కలిసేలా సూది గుచ్చండి. ఏ కోణంలో వంచినా బయటి అంచు గుండ్రంగానే ఉంటుంది. వృత్తాలు వేర్వేరు సైజుల్లో ఉన్నా, సూది కేంద్రానికి ఒక మిల్లీమీటరు పక్కకు పోయినా, వంచినప్పుడు ఒక పక్క గుంట, ఇంకో పక్క బొడిపె కనిపిస్తాయి. నీడలో అవి దాచుకునే చోటు లేదు.

కలపడానికి కరెంటు వైరులో ఉండే వెంట్రుకలాంటి రాగి తీగ ఒక్కటి చాలు. సూది చిల్లులోంచి తీగను దూర్చి, కింది కొసను అట్టకు ఆనించి చిన్న చుట్టలా చుట్టండి. చెంచా వెనుకవైపుతో నొక్కి చదును చేయండి. పైకొసను కూడా అలాగే చుట్టి నొక్కండి. కిందివైపు చుట్ట పలుచగా ఉండేలా చూడండి. అది ఎత్తుగా ఉంటే ముక్క తెరకు ఆనదు, అంచు మసకబారుతుంది. చిల్లు పెద్దదై వెలుగు చుక్కలా కనిపిస్తుంటే పైన నల్ల స్కెచ్ పెన్నుతో ఒక చుక్క పెట్టండి.

కీలు బిగువు ఎంత ఉండాలి? ఇలా పరీక్షించండి. ఒంటిని పట్టుకుని బొమ్మను నిలువుగా ఎత్తండి. మెడ నెమ్మదిగా జారితే ఫరవాలేదు, బొటుక్కున వాలిపోతే వదులు. తరువాత బల్లమీద పడుకోబెట్టి, ట్వీజర్లతో తలను మాత్రం తిప్పండి. తల కింది మెడముక్క కదలకపోతే కీలు కుదిరింది. అది కూడా తిరిగిందంటే తల కీలు మరీ బిగుతు, లేదా దాని కిందిది మరీ వదులు. ఒకే బొమ్మలో కీళ్లన్నీ ఒకే బిగువులో ఉండనక్కరలేదు. ఒంటికి దగ్గరగా ఉన్నవి కొంచెం బిగుతుగా, చివరవి కొంచెం తేలికగా ఉంటే కదిపే చేతికి సుఖం.

ముక్కల వరుసను కూడా ఇప్పుడే తేల్చుకోండి. అన్నిటికన్నా కింద దూరపు కాలు, దానిపై ఒళ్లు, ఆపైన దగ్గరి కాలు. మెడముక్కలు ఒళ్లు కిందినుంచి మొదలై ఒకదాని కింద ఒకటిగా తలవరకు పోవాలి. ఒకటి పైన, ఒకటి కింద కలగలిపితే వంచేటప్పుడు అంచులు ఒకదానికొకటి తట్టుకుంటాయి.

చెరువు

నేపథ్యానికి ట్రేసింగ్ పేపర్ ఒక్కటే చాలు. ఒక పొర పడితే తెలుపు లేత బూడిదరంగు అవుతుంది. రెండు పొరలైతే ఇంకాస్త ముదురు. దూరపు కొండకు ఒక పొర, దానికి ఇవతలి చెట్ల వరుసకు దానిపై ఇంకో పొర, గట్టుకు మూడోది. నాలుగు దాటితే పొరకూ పొరకూ తేడా తెలియదు. కొండ అంచును కత్తెరతో కోయకుండా చేత్తో చింపండి. చింపిన అంచు పీచుపీచుగా, మెత్తగా వస్తుంది, దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. చెట్ల అంచును మాత్రం కోయండి.

జిగురు మాత్రం తెర లోపల ఎక్కడా పెట్టకండి. పగటివెలుతురులో కనిపించని జిగురు మచ్చ వెనుకనుంచి వెలుగు పడగానే మరకలా పైకి తేలుతుంది. పొరలన్నింటినీ ఫ్రేముకు బయట, అంచుల దగ్గర టేపుతో బిగించాలి.

ట్రేసింగ్ పేపర్ బొమ్మకు కింద ఉంటే నేపథ్యం ముదురుతుంది, బొమ్మ అంచు పదునుగానే ఉంటుంది. అదే కాగితాన్ని బొమ్మకు పైన పరిస్తే బొమ్మ అంచు మెత్తబడుతుంది. ఈ తేడాతోనే నీళ్లు వస్తాయి. తెర కింది అంచు వెంబడి 3 సెంటీమీటర్ల వెడల్పున ఒక ట్రేసింగ్ పేపర్ పట్టీని బొమ్మ పైన పరచి, దాని కింది అంచును మాత్రమే పొడవునా టేపుతో అతికించండి. అది తలుపులా తెరుచుకుంటుంది. పట్టీ తెరిచి కాళ్లు సర్ది, మళ్లీ మూసి ఫొటో తీయండి. టేపు కీలులా పనిచేస్తుంది కాబట్టి ప్రతిసారీ పట్టీ అదే చోటికి వస్తుంది. నీళ్లలోని కాళ్లు మసకగా, నీటిపైన ఉన్న భాగం పదునుగా కనిపిస్తాయి.

కదలిక

సెకనుకు 12 ఫొటోలు చాలు. ఎనిమిది సెకన్లకు 96. ముందే కాగితంమీద పంచుకోండి: రెండు అడుగులకు 20, ఆగి చూడటానికి 14, మెడ వెనక్కి లాగడానికి 16, పొడవడానికి 3, నీళ్లలో ఆగడానికి 5, ముక్కు పైకెత్తడానికి 12, మింగడానికి 14, చివర్లో నిలకడగా 12. ఈ పంపకంలో ఒకసారి 16నూ 3నూ పక్కపక్కన పెట్టి చూడండి. మెడ వెనక్కి పోయేటప్పుడు ప్రేక్షకుడికి ఏదో జరగబోతోందని తెలుస్తుంది, అందుకు సమయం పెట్టాలి. పొడుపుకు పెట్టకూడదు. మూడు ఫొటోల్లో ముక్కు గాలిలోంచి నీళ్లలోకి చేరిపోవాలి. దాన్ని ఎనిమిదికి పెంచితే కొంగ నీళ్లు తాగుతున్నట్టు ఉంటుంది.

అడుగు సంగతి వివరంగా చూద్దాం. ఒక అడుగు 5 సెంటీమీటర్లు, 10 ఫొటోలు. ఒంటిని ప్రతిసారీ 5 మిల్లీమీటర్ల చొప్పున సమానంగా జరిపితే దాన్ని ఎవరో తోస్తున్నట్టు ఉంటుంది. 2, 4, 6, 7, 7, 7, 6, 5, 4, 2 మిల్లీమీటర్లు, ఇలా జరపండి. మొదట్లో కొంచెం, మధ్యలో ఎక్కువ, చివర్లో కొంచెం. ఈ అంకెలను ఒక కాగితపు పట్టీమీద గీతలుగా పెట్టుకుని, ఫ్రేముకు బయట తెర పక్కన అతికించుకుంటే ప్రతిసారీ స్కేలు తీయనక్కరలేదు.

ఇప్పుడు తల. గట్టుమీద నడిచే కొంగను ఎప్పుడైనా నిదానంగా చూసి ఉంటే ఒక విషయం గమనించి ఉంటారు. ఒళ్లు ముందుకు సాగుతున్నా తల గాలిలో మేకు కొట్టినట్టు ఆగి ఉంటుంది. తరువాత ఒక్క ఊపున ముందుకు వచ్చి మళ్లీ ఆగుతుంది. మన పది ఫొటోల్లో మొదటి ఆరింటిలో తలను అసలు కదపకండి. అప్పటికి ఒళ్లు 33 మిల్లీమీటర్లు వచ్చి ఉంటుంది, మెడ ముడుచుకుంటుంది. మిగిలిన నాలుగింటిలో తలను 10, 16, 16, 8 మిల్లీమీటర్లు ముందుకు తెండి. మెడకు నాలుగు ముక్కలు ఎందుకు కావాలన్నానో ఇక్కడ తెలుస్తుంది. ఈ ఒక్క వివరంతో అట్టముక్క పక్షి అవుతుంది.

కాళ్లలో నేలమీద ఉన్న పాదం అడుగు పూర్తయ్యేవరకూ మిల్లీమీటరు కూడా జరగకూడదు. ఒంటిని జరిపేటప్పుడు ఎడమచేతి వేలితో ఆ పాదాన్ని అదిమి ఉంచండి. లేచిన పాదం మడమ దగ్గర ముడుచుకుని, వేళ్లు కిందికి వేలాడుతూ ముందుకు రావాలి. రెండు కాళ్లూ బాగా విడిపోయినప్పుడు ఒళ్లు ఒకటి రెండు మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, ఒక కాలు ఇంకో కాలిని దాటేటప్పుడు అంతే పైకి లేస్తుంది.

ఆగి చూసే 14 ఫొటోల్లో కొంగ నిజంగా ఆగే ఉండాలి. కానీ అదే ఫొటోను పద్నాలుగుసార్లు వేస్తే దృశ్యం గడ్డకట్టుకుపోతుంది. నీటి పట్టీమీద సన్నని కాగితపు అలను రెండు ఫొటోలకు ఒకసారి ఒక మిల్లీమీటరు పక్కకు జరపండి. కొంగ కదలదు, చెరువు మాత్రం బతికే ఉంటుంది.

పొడిచినప్పుడు ముక్కు చుట్టూ చిన్నవి, మధ్యవి, పెద్దవి మూడు సైజుల అలలు ముందే కోసిపెట్టుకుని ఒకదాని తరువాత ఒకటి మార్చండి. 3 సెంటీమీటర్ల చేపను పైముక్కుకూ కింది ముక్కుకూ మధ్య ఉంచండి. మింగేటప్పుడు చేప తల కొంగ గొంతువైపు తిరగాలి, కొంగలు అలాగే మింగుతాయి. తరువాత చేపను తీసేసి, నల్లని కోడిగుడ్డు ఆకారపు ముక్కను మెడమీద పెట్టండి. మెడ వెడల్పుకంటే అది కొంచెం వెడల్పుగా ఉండాలి. దాన్ని పైనుంచి కిందికి ఆరు ఫొటోల్లో జరపండి. నలుపుమీద నలుపు కలిసిపోతుంది కాబట్టి అది విడి ముక్క అని ఎవరికీ తెలియదు. గొంతులోంచి చేప దిగుతున్నట్టే ఉంటుంది. నీడబొమ్మల్లో ఇదొక గొప్ప సౌకర్యం. ఏ బొడిపె కావాలన్నా, ఏ కొమ్ము మొలవాలన్నా పైన ఒక ముక్క పెడితే చాలు.

ఫొటోలు తీసేటప్పుడు గదిలో వేరే దీపం ఉండకూడదు. పై వెలుతురు పడితే అట్ట నలుపు బూడిదరంగుకు తిరుగుతుంది, కీళ్ల తీగలు తళుక్కుమంటాయి. ఫ్యాను ఆపాలి. ముదురు రంగు చొక్కా వేసుకోండి. తెల్ల చొక్కానుంచి తిరిగి పడే వెలుగు మీరు వంగిన ప్రతిసారీ మారుతూ ఉంటుంది. ఫోనును ముట్టుకోకుండా బ్లూటూత్ బటన్‌తోనో, ఇయర్‌ఫోను బటన్‌తోనో ఫొటో తీయండి. స్టాప్ మోషన్ స్టూడియో లాంటి ఫోను యాప్‌లో ముందటి ఫొటో పలుచగా కనిపించే సదుపాయం ఉంటుంది. దానివల్ల ఎంత జరిపారో అప్పటికప్పుడు తెలుస్తుంది.

చలనచిత్రంగా కూర్చడం

యాప్‌లోనే వీడియో చేసుకోవచ్చు. ఫొటోలు విడిగా ఉంటే వాటికి konga_0001.jpg నుంచి వరుసగా పేర్లు పెట్టి, కంప్యూటర్‌లో ఆ ఫోల్డరులో ffmpeg అనే ప్రోగ్రామ్‌కు ఈ ఆదేశం ఇవ్వండి:

```
ffmpeg -framerate 12 -i konga_%04d.jpg -vf "scale=1920:-2" -c:v libx264 -r 24 -pix_fmt yuv420p konga.mp4
```

మొదటిసారి చూసేటప్పుడు కథను పట్టించుకోకుండా తెర మూలలను చూడండి. మూలలు మినుకుమినుకుమంటుంటే ఎక్స్‌పోజర్ లాక్ కాలేదు, లేదా వెలుగు మారుతోంది. మూలల్లో వెలుగు నిలకడగా ఉండి మొత్తం దృశ్యం ఒకచోట ఎగిరితే ఆ ఫొటో దగ్గర ఫోనుకు చెయ్యి తగిలింది. ఆ ఒక్క ఫొటోను తీసేసి, దాని ముందటి ఫొటోను రెండుసార్లు వేస్తే చాలాసార్లు సరిపోతుంది. పాదం జారిన తప్పు మాత్రం ఇలా పోదు, ఆ అడుగును మళ్లీ తీయాల్సిందే.

కంప్యూటర్‌లో చేస్తే

ఇంట్లో బల్ల పెట్టుకునే చోటు లేనివారికి, పొడవైన కథ చెప్పాలనుకునేవారికి కంప్యూటర్ మంచి దారి. అయినా నేను మొదటి బొమ్మను అట్టతోనే చేయమంటాను. కీలు ఎక్కడ ఉండాలో చేతికి తెలిసిన తరువాత తెరమీద చేయడం సులువు. అట్టముక్కలనే వెలుగు ప్యాడ్ మీద విడివిడిగా ఫొటో తీసి వాడుకోవచ్చు. కత్తెర కోతలోని చిన్న చిన్న గరుకులు అలాగే నిలుస్తాయి.

బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో అయితే ఒక్కో ముక్కను పారదర్శక నేపథ్యమున్న చిత్రంగా తెచ్చుకుని, ప్రతి ముక్క తిరుగుడు బిందువును దాని కీలు వృత్తపు కేంద్రంలో పెట్టండి. 3D Cursor‌ను ఆ చోట ఉంచి Set Origin మెనూలో Origin to 3D Cursor ఎంచుకుంటే సరిపోతుంది. తరువాత పాదాన్ని పిక్కకు, పిక్కను తొడకు, తొడను ఒంటికి Ctrl+P తో అనుబంధం చేయండి. మెడకూ అంతే.

అసలు చిక్కు తరువాత వస్తుంది. రెండు భంగిమల మధ్య కదలికను కంప్యూటర్ తానే నింపుతుంది, నూనె రాసినట్టు జారేలా నింపుతుంది. అట్ట బొమ్మకున్న తెగువ పోతుంది. Graph Editor‌లో మీరు పెట్టిన భంగిమల కీఫ్రేములన్నిటినీ ఎంచుకుని T నొక్కి Constant పెట్టండి. 24 ఫ్రేముల వేగంలో రెండు ఫ్రేములకు ఒక భంగిమ చొప్పున మీరే పెట్టుకోండి. పైన చెప్పిన మిల్లీమీటర్ల వరుసను ఇక్కడా వాడండి. మన తెర వెడల్పు 40 సెంటీమీటర్లు, చిత్రం 1920 పిక్సెళ్లు. అంటే ఒక మిల్లీమీటరు సుమారు 5 పిక్సెళ్లు.

నేపథ్యానికి తెలుపునుంచి నలుపుకు జారే నున్నని రంగు వేయకండి. నిజమైన వెలుగు బల్లమీద పొరలు మెట్లుమెట్లుగా ముదురుతాయి. ట్రేసింగ్ పేపర్ పొరలను ప్యాడ్ మీద ఫొటో తీసి వాటినే వాడితే కాగితపు పీచు కూడా దృశ్యంలోకి వస్తుంది. బొమ్మ అంచు మరీ పదునుగా ఉంటే దానికి ఒకటి రెండు పిక్సెళ్ల బ్లర్ ఇవ్వండి. నీళ్ల కింద ఉన్న భాగానికి ఎనిమిది, పది పిక్సెళ్లు ఇచ్చి, దానిపై లేత బూడిదరంగు పొర ఒకటి పరవండి.